ఆరు కిలోల తొందర

సాల్మన్ రాజు పట్టు పట్టాడంటే బస్సు కూడా ఆగిపోవాల్సిందే. ఇది గాలి మాట కాదు. ఒకనాడు మెదక్ బస్టాండులో, నర్సాపూర్ పోయే బస్సు వెనుక నిచ్చెనను రెండు చేతులా పట్టుకుని, కాళ్లు భూమిలో పాతినట్టు నిలబడ్డాడు. ఆ బస్సు జానెడు కూడా ముందుకు పోలేదు. కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. సీటు కింద బుట్టలో ఉన్న కోళ్లు సైతం నోరు మూసుకున్నాయి. అదీ అతని పట్టు.

అటువంటి సాల్మన్ రాజు, మార్చి నెలలో ఒక శనివారం పొద్దున, తన దుకాణంలో ఐదు హెచ్‌పీ మోటరు ముందు నిలబడి, దాన్ని నేల మీది నుంచి బల్ల మీదికి ఎత్తడానికి జంకుతున్నాడు.

దుకాణం అంటే ఇంటి ముందు గది. సగంలో అతను కాలిపోయిన బోరు మోటర్లకు వైండింగు చేస్తాడు. మిగతా సగంలో భార్య ఫేబ కుట్టు మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. ఎండలు ముదిరి బోర్లు ఎండే కాలం కాబట్టి, గుమ్మం దాకా మోటర్లు వరస కట్టి పడుకుని ఉన్నాయి. ఎల్దుర్తి నుంచి మోటరు తెచ్చిన బక్కయ్య అనే ముసలి రైతు, స్టూలు మీద కూచుని చుట్ట నలుపుతూ అతన్నే చూస్తున్నాడు.

"ఏంది సాల్మనూ, మోటరు ముందల ప్రార్థన చేస్తున్నవా?" అన్నాడు బక్కయ్య. "మీ దేవుడు వైండింగు గూడ చేస్తడా?"

ఫేబ నవ్వింది. సాల్మన్ నవ్వలేదు. వంగి మోటరు కింద చేతులు వేశాడు. నెల కిందట ఇలాంటి మోటర్లను పొద్దంతా ఎత్తి దించినా అతనికి చెమట పట్టేది కాదు. ఇవాళ మోకాళ్ల దాకా లేచింది, నడుము దాకా లేచింది, అక్కడ వేళ్లు విచ్చుకున్నాయి. మోటరు దబ్బున పడి గచ్చు పగిలింది. అతని బొటనవేలికి బెత్తెడు దూరంలో.

మిషను ఆగింది. బక్కయ్య చుట్ట నలపడం మానేశాడు.

"చెయ్యి జారింది," అన్నాడు సాల్మన్.

"జారలే. ఇడిసిపెట్టింది," అంది ఫేబ మెల్లగా. "నేను చూసిన."

ఈ ముచ్చట ఎక్కడ మొదలైందో చెప్పాలి. సాల్మన్ రాజుకు ఇరవై తొమ్మిదేళ్లు. కబడ్డీలో కుడి కార్నర్. కూతకు వచ్చినవాడి మడమ దొరకబుచ్చుకుని గీత దాకా పోనివ్వకుండా ఆపడమే అతని పని. పదకొండేళ్లుగా ఆడుతున్నాడు గానీ జిల్లా జట్టు అంగీ ఒక్కసారి కూడా ఒంటికి తగలలేదు. సీనియర్ మగవాళ్ల ఆటలో ఎనభై అయిదు కిలోలు దాటినవాడిని మ్యాటు ఎక్కనివ్వరు. పోయినేడు సెలెక్షను రోజున కాటా మీద ఆరు వందల గ్రాములు ఎక్కువ తూగాడు. ఆట చూపించకుండానే ఇంటికి వచ్చాడు. ఈసారి సెలెక్షను మే నెల మూడో ఆదివారం. కింది నుంచి ఇరవై ఏళ్ల పోరగాళ్లు తోసుకొస్తున్నారు. ఈసారి కాకపోతే ఇంకెప్పుడూ కాదని అతనికి తెలుసు, ఊరికీ తెలుసు.

మార్చి మొదట్లో తూగితే తొంభై ఒకటి. ఆరు కిలోలు దింపాలి. తిండి మానేస్తే పదిహేను రోజుల పని అనుకున్నాడు. అయితే ఆ ఇంట్లో తిండి మానేయడం అంత తేలిక కాదు. తల్లి ఎలిశిబా క్రైస్తవ మిషనరీల బడి హాస్టల్లో ముప్ఫై ఏళ్లు వంట చేసిన మనిషి. కంచంలో మెతుకు మిగిలితే, మిగిల్చినవాడి మొహం చూసి జ్వరమా, అలకా, అప్పుడే తేల్చేస్తుంది. ఆమె కళ్లు కప్పి పస్తుండడం ఆ ఇంట్లో ఎవరివల్లా కాలేదు.

సరిగ్గా ఆ వారమే భస్మ బుధవారం వచ్చింది. ఈస్టరు దాకా నలభై రోజుల శ్రమకాలం. ఆ నలభై రోజుల్లో ఉపవాసం ఉంటానంటే ఆ ఇంట్లో ఎందుకని అడిగేవాళ్లు ఉండరు.

సాల్మన్ ఆ సందు చూసుకున్నాడు. "ఈ ఏడు గట్టి ఉపాసం ఉంటనమ్మా," అన్నాడు. ఎలిశిబా కళ్లు చెమర్చాయి. పొద్దుగూకాక గ్లాసెడు గంజి, రెండు బ్రెడ్డు ముక్కలు. అంతే. జిమ్ముకు పోవడం కూడా మానేశాడు, ఓపిక లేక. నాలుగు రోజుల్లో రెండున్నర కిలోలు పోయాయి. కాటా మీది అంకె చూసి అతనికి మత్తెక్కింది. పదిహేడో రోజుకు ఎనభై ఆరు పాయింటు రెండు. ఈలోగా ఎలిశిబా చర్చి స్త్రీల సమాజంలో తన కొడుకు భక్తి గురించి చెప్పని మనిషి లేదు. పాస్టరు గారు కూడా ఒక ప్రార్థన కూటంలో ఆ మాట ఎత్తారట.

అందుకే ఆ శనివారం, పగిలిన గచ్చు వైపు చూస్తూ సాల్మన్ నోరు విప్పలేకపోయాడు. ఎవరితో విప్పాలి?

* * *

సాయంత్రం స్టేడియంలో ప్రాక్టీసు. కోచ్ అరుణ మేడం సర్కారు బడిలో పీఈటీ. ఒకప్పుడు రాష్ట్రానికి ఆడింది. మోకాలు చెడి మానేసింది గానీ కళ్లు చెడలేదు. గీత పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూచుంటే, పద్నాలుగు మంది ఆటగాళ్లలో ఎవడి చెప్పు తెగిందో కూడా ఆమెకు తెలుస్తుంది.

పరమేశ్ కూతకు వచ్చాడు. ఎల్దుర్తి పిల్లగాడు, అరవై మూడు కిలోలు, పాములాగా వంకర్లు తిరుగుతాడు. సాల్మన్ కాచుకుని మడమ పట్టాడు. పట్టు సరిగ్గానే పడింది. పరమేశ్ ఒకసారి గుంజాడు, రెండోసారి గుంజాడు, మూడోసారికి సాల్మన్ వేళ్లు వాటంతటవే తెరుచుకున్నాయి. పరమేశ్ గీత దాటి, వెనక్కి తిరిగి, అనుమానంగా చూశాడు.

"అన్నా, ఇడిసిపెట్టినవా? దయ తలిచినవా?"

"మళ్లా రా."

మళ్లీ వచ్చాడు. మళ్లీ అంతే. మూడోసారి పరమేశ్ నవ్వుకుంటూ ఒంటికాలి మీద గెంతుతూ పోయాడు. "అన్న చెయ్యికి ఆముదం రాసుకొచ్చిండు మేడం," అన్నాడు.

అరుణ నవ్వలేదు. సాల్మన్‌ను కుర్చీ దగ్గరికి పిలిచింది. కింది నుంచి మీది దాకా చూసింది.

"ఎన్ని కిలోలు దిగినవ్?"

"అయిదు దగ్గర దగ్గర."

"ఎన్ని దినాలల్ల?"

"పదిహేడు."

"ఏం తింటున్నవ్?"

అతను చెప్పాడు. మ్యాటు మీద పిల్లల అరుపులు, పక్కన రోడ్డు మీద ఆటోల మోత.

"నీకు దినానికి మూడు వేల క్యాలరీల దాకా కావాలె, మోటర్లు మోసేటోనివి," అంది చివరికి. "నువ్వు లోపలికి పంపేది ఆరేడు వందలు. మిగిలినయి యాడికెల్లి వస్తున్నయి అనుకుంటున్నవ్?"

"కొవ్వుల కెల్లి. గందుకే కద మేడం చేస్తున్న."

"నీ దుకాన్ల మాట చెప్తా, ఇను. ఒక బోరుల రెండించుల నీళ్లే ఊరుతయి. రైతు ఆశకు పోయి పెద్ద మోటరు దించి నాలుగించులు గుంజిండు. ఏమైతది?"

"నీళ్లు దిగిపోతయి. మోటరు ఉత్తగ తిరిగి కాలిపోతది. గసొంటివే కద నా తానికి వచ్చేవి."

"కొవ్వు గూడ గంతే. ఉన్నది మస్తున్నా, ఒక దినంల గిన్ని అని ఒక లెక్క ప్రకారమే బయటికి వస్తది. నువ్వు గంతకంటె ఎక్కువ అడిగితే ఒళ్లు ఏం చేస్తది? కండను కరగదీసి కడుపుకు పెడ్తది. పైకెల్లి నువ్వు బరువులు ఎత్తుడు బంద్ చేసినవ్. గుడ్డు లేదు, పప్పు లేదు. అంటే ఈ కండ నాకు అక్కెర లేదు, తీసుకపో అని నువ్వే చెప్పినవ్. తీసుకపోయింది."

సాల్మన్ తన చేతులు చూసుకున్నాడు. ఎవరివో అయినట్టు.

"అయిదు కిలోలూ కండేనా మేడం?"

"కాదు. మొదటి వారం పోయిందాంట్ల సగం కంటె ఎక్కువ నీళ్లే. కొంచెం కొవ్వు. కొంచెం కండ. ఆ కొంచెమే నీ పట్టు." ఆమె స్వరం తగ్గించింది. "ఇట్లనే పోతే వచ్చే వారం ఎనభై అయిదుకు వస్తవ్. కాటా నిన్ను పాస్ చేస్తది. మ్యాటు మీద పరమేశ్ నిన్ను నవ్వులపాలు చేస్తడు. మరి సెలెక్షను కాటా మీదనా, మ్యాటు మీదనా?"

"ఇప్పుడేం చెయ్యాలె?"

"ఇంకా ఎనిమిది వారాలు ఉన్నయి. వారానికి అర కిలో. గంతకంటె తొందర వద్దు. దినానికి నాలుగైదు వందల క్యాలరీలు తక్కువ తిను, గంతే. అన్నం సగం చెయ్యి, పప్పూ గుడ్లూ పెరుగూ డబల్ చెయ్యి. ప్రతి పూట. వారంల మూడు దినాలు బరువులు ఎత్తు, పెద్ద బరువులు. కండకు పని చూపెట్టి, దానికి తిండి పెడితే, ఒళ్లు దాని జోలికి పోదు. కొవ్వు దిక్కు చూస్తది." ఆగి అంది. "రేపటి సంది మూడు పూటలు తినాలె."

సాల్మన్ తల దించుకున్నాడు. "అమ్మకు ఏమని చెప్పాలె మేడం? ఉపాసం దేవుని కోసం అని చెప్పిన."

అరుణ కుర్చీలో వెనక్కి వాలింది. "గది నాకు తెల్వదు," అంది. "ఆముదం కంటె జారుడు జాగల నిలబడ్డవ్ నువ్వు."

* * *

ఆదివారం ఆరాధన అయ్యాక ఎలిశిబా ఇంటికి వచ్చి చీర మార్చుకోకుండానే కుర్చీలో కూచుంది. మనిషి వెలిగిపోతోంది. "పాస్టరమ్మ నిన్ను అడిగింది బిడ్డా," అంది కొడుకుతో. "నలభై దినాలు పూర్తయినంక చర్చిల అందరి ముందల సాక్ష్యం చెప్పాలె అన్నది. నేను చెప్తడు అన్న."

ఫేబ వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. రాత్రే ఆమెకు మొత్తం చెప్పాడు సాల్మన్. ఆమె ఒక్క మాటే అంది, "నువ్వే చెప్పాలె, నేను చెప్ప" అని.

"అమ్మా, నేను ఇయ్యాల తింట," అన్నాడు సాల్మన్.

"ఒళ్లు బాగ లేదా?"

"బాగనే ఉంది. ఉపాసం దేవుని కోసం చెయ్యలే. కాటా కోసం చేసిన."

ఎలిశిబా మొహంలోని వెలుగు ఒక్కసారి పోలేదు. పొయ్యి ఆర్పాక గిన్నెలో పొంగు దిగినట్టు, మెల్లగా దిగింది.

"కాటా కోసం," అంది.

"సెలెక్షనుకు బరువు దిగాలె. నువ్వు తినకుండ ఇడిసిపెట్టవు. గందుకని..."

"గందుకని దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నవ్." ఆమె గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. "పదిహేడు దినాలు నీ కంచం ముందల మోకాళ్లేసి ప్రార్థన చేసిన, సాల్మనూ. నా కొడుకు మారిండు ప్రభువా అని. ఆయన పైన కూసొని కాటా దిక్కు చూస్తుండెనా?"

ఆమె లేచి లోపలికి పోయింది. గిన్నెల చప్పుడు వినిపించింది. ఫేబ కదలబోయి, అత్త చేయి ఎత్తితే ఆగింది. చాలాసేపటికి ఎలిశిబా ఒక కంచంతో వచ్చింది. అన్నం కొంచెమే. పప్పు మాత్రం మూడు గరిటెలు. పక్కన పెరుగు గిన్నె.

"హాస్టల్ల ముప్ఫై ఏండ్లు వండిన. పస్తులున్న పోరగాళ్లకు ముందుగాల ఏం పెట్టాలెనో నాకు ఏ మేడమూ చెప్పనక్కర లేదు," అంది. "తిను. ఈస్టరు దాకా నా ఇంట్ల మాంసం ఉడకదు. నీకు గుడ్లు గావాలంటే నీ దుకాన్ల నువ్వే ఉడకేసుకో. సాక్ష్యం మాత్రం చెప్తవ్. ఉపాసం చేసిన అని కాదు. అబద్ధం ఆడిన అని."

సాల్మన్ కంచం అందుకున్నాడు. తల ఎత్తకుండా, మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

* * *

అసలు పరీక్ష అప్పుడు మొదలైంది. మూడు పూటలు తినడం మొదలుపెట్టిన అయిదో రోజు కాటా ఎక్కితే ఎనభై ఎనిమిది పాయింటు నాలుగు.

సాల్మన్ దిగి, మళ్లీ ఎక్కాడు. మళ్లీ అదే. పదిహేడు రోజులు కడుపు మాడ్చుకుని సంపాదించింది అయిదు రోజుల్లో సగం పోయింది. బండి తీసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా, అరుణ పనిచేసే బడికి పోయాడు. ఆమె పిల్లలతో ఖోఖో ఆడిస్తోంది.

"నన్ను ముంచిండ్రు మేడం," అన్నాడు.

ఆమె అంకె విని తల ఊపింది. "వస్తదని నాకు ఎరుకే. ముందుగాల చెప్తే నువ్వు తినకపోయేటోనివి. గది కొవ్వు కాదు. అయిదు దినాలల్ల రెండు కిలోల కొవ్వు పెరగాలంటే ఆ అయిదు దినాలూ పూటపూటకూ రెండు పెండ్లి భోజనాలు తినాలె. కండల నిలువ ఉండే పిండిపదార్థం మళ్లీ నిండింది, దాంతోని నీళ్లు వచ్చినయి. పో, పోయి మోటరు ఎత్తి చూడు."

పోయి ఎత్తాడు. బల్ల మీదికి ఎక్కింది. చేతులు వణికాయి గానీ ఎక్కింది.

ఇక్కడ కథ చెప్పేవాడు ఒక మాట ఒప్పుకోవాలి. మొదట్లో చెప్పిన నర్సాపూర్ బస్సు కదలకపోవడానికి కారణం సాల్మన్ పట్టు కాదు. డ్రైవరు చాయ్ తాగడానికి దిగాడు. ఇంజను ఆపే ఉంది. సాల్మన్ నిచ్చెన పట్టుకున్నది మీదికి మోటరు ఎక్కించడానికి. బస్సును ఆపగలిగే చేయి అయితే పదిహేడు రోజుల గంజికి విచ్చుకుంటుందా? అతను మామూలు మనిషే. అందుకే ఆ పట్టు పోతుందని అంతగా భయపడ్డాడు.

గోడకు వేలాడే క్యాలెండరు మీద ప్రతి ఆదివారం రెండు ముక్కలు రాయడం మొదలుపెట్టాడు. ఒకటి బరువు. రెండోది మోటరును వరసగా ఎన్నిసార్లు ఎత్తాడో ఆ అంకె. మేడం చెప్పింది అది. పై అంకె దిగుతూ, కింది అంకె దిగకుండా ఉంటేనే సరైన దారి అని. ఎనభై ఏడు పాయింటు తొమ్మిది, నాలుగు సార్లు. ఎనభై ఏడు పాయింటు మూడు, ఆరు సార్లు. దుకాణం మూలన కాయిలు పొయ్యి మీద రోజూ గుడ్లు ఉడికేవి. బక్కయ్య మోటరు కోసం వచ్చి, "వైండింగు దుకానమా, కోళ్ల ఫారమా?" అని ఒక గుడ్డు తిని పోయాడు. మీల్‌మేకరూ, ఉడకబెట్టిన శనగలూ, పెరుగూ. అన్నం మాత్రం కొలిచి ఒక గిన్నె. ఆకలి ఉండేది. కానీ కళ్లు తిరిగే ఆకలి కాదు. భోజనానికి గంట ముందు తలుపు తట్టి పిలిచే ఆకలి.

శుభ శుక్రవారం ముందటి కూటంలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాడు. నాలుగే మాటలు. ఎలిశిబా ముందు వరసలో తల వంచుకుని కూచుంది. బయటికి వచ్చాక, "గొంతు జర పెద్దగ పెట్టాల్సింది, వెనుకోళ్లకు ఇనపడలే," అంది. అంతటితో ఆ ముచ్చట ఇంట్లో మళ్లీ ఎత్తలేదు.

ఈస్టరు వెళ్లింది. ఇంట్లో కోడి ఉడికింది. ఏప్రిల్ చివరకు ఎనభై ఆరు. అక్కడ కాటా ఆగిపోయింది.

ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు. పదకొండు రోజులు. అదే తిండి, అదే బరువులు, అదే ఎనభై ఆరు. సెలెక్షనుకు పన్నెండు రోజులే ఉన్నాయి. ప్రాక్టీసులో పరమేశ్, "అన్నా, ఈసారి గూడ స్టేడియం బయట చాయ్ దుకాన్ల కలుద్దామా?" అన్నాడు నవ్వుతూ. వేరే రోజయితే సాల్మన్ నవ్వేవాడు. ఆ రోజు అతని మెడలో నరం కొట్టుకోవడం అరుణకు కుర్చీలోంచే కనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం సాల్మన్ కంచం ముందు కూచుని ముద్ద కలపలేదు. పదకొండు రోజులు. ఒక్క కిలో. నాలుగు రోజులు గంజి తాగితే చాలు. నాలుగే రోజులు. ఆ అంకె మత్తు అతనికి గుర్తుంది. కంచం పక్కకు జరిపాడు.

ఫేబ మిషను దగ్గర నుంచి చూసింది. లేచి వచ్చి, మెడలో వేలాడుతున్న టేపు తీసి, "చేతులు ఎత్తు," అంది.

"ఎందుకు?"

"జాకెట్ కుడ్త. ఎత్తు."

నడుము చుట్టూ టేపు బిగించింది. అంకె చూసి, జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకం తెరిచి ఒక పేజీ అతని ముందు పెట్టింది. ఉపాసం విడిచిన రోజు నుంచి పది పదకొండు రోజులకోసారి అతను నిద్రలో ఉండగా తీసిన కొలతలు. ముప్ఫై ఎనిమిదిన్నర. ముప్ఫై ఎనిమిది. ముప్ఫై ఏడున్నర. పదకొండు రోజుల కిందట ముప్ఫై ఏడు. ఇవాళ ముప్ఫై ఆరుంబావు.

"కాటా ఆగింది," అంది ఫేబ. "నడుము ఆగలే. నేను బట్టలు కుట్టేదాన్ని. నాకు కాటా కంటె టేపు మీద నమ్మకం."

"మరి బరువు?"

"మేడంకు ఫోన్ చేసిన. ఎండల ఆడి, ఉప్పు తిని, ఒళ్లు నీళ్లు పట్టుకుంటదట. కొవ్వు పోయిన జాగల నీళ్లు కొన్ని దినాలు కూసుంటయట. పోతయట. అయినా నీ ఇష్టం." కంచం మళ్లీ అతని వైపు జరిపింది. "గంజి తాగుతనంటే గచ్చు మళ్లా నేను ఏపియ్య."

సాల్మన్ ఆ పేజీ వైపు, కంచం వైపు, మూలన ఉన్న మోటరు వైపు చూశాడు. పోయిన ఆదివారం దాన్ని పది సార్లు ఎత్తాడు. ముద్ద కలిపాడు. ఆ ముద్ద మింగడం అతనికి ఆ ఏడాది అన్నిటికంటే కష్టమైన పని.

నాలుగో రోజు పొద్దున కాటా ఎనభై అయిదు పాయింటు రెండు చూపించింది.

* * *

మే మూడో ఆదివారం. ఏడింటికే ఎండ చుర్రుమంటోంది. స్టేడియం గదిలో కాటా, దాని పక్కన లిస్టు పట్టుకున్న సెలెక్టరు. లైనులో నలభై మంది. సాల్మన్ నిక్కరు మీద ఎక్కాడు.

ఎనభై అయిదు పాయింటు ఒకటి.

"గంట టైముంది," అన్నాడు సెలెక్టరు తల ఎత్తకుండా. "మళ్లా రా."

నూరు గ్రాములు. సాల్మన్ బయటికి వచ్చి గోడకు ఆనుకున్నాడు. పరమేశ్ కూడా నవ్వడం మానేశాడు. ఫేబ సంచిలోంచి బట్టలు కత్తిరించే కత్తెర తీసింది. "కూసో," అంది. స్టేడియం గోడ నీడలో, నలభై మంది చూస్తుండగా, భుజాల దాకా పెంచుకున్న అతని జుట్టును పిడికిళ్లకొద్దీ కత్తిరించింది. ఆ జుట్టుతో ఒక కవరు నిండింది. మళ్లీ ఎక్కితే అంకె కాసేపు వణికి ఎనభై అయిదు దగ్గర నిలబడింది. సెలెక్టరు టిక్కు పెట్టాడు.

తర్వాత మ్యాటు. రెండు జట్లుగా విడదీశారు. పరమేశ్ అటువైపు పడ్డాడు. ఆట చివరి నిమిషాల్లో సాల్మన్ వైపు ముగ్గురే మిగిలారు. పరమేశ్ కూతకు వచ్చాడు. మార్చి నెల నుంచి అతనికి ఒక అలవాటు పడింది. కుడి కార్నర్ దగ్గర పట్టుబడినా మూడు గుంజులకు వదిలిపోతుందని. అందుకే నేరుగా సాల్మన్ వైపే వచ్చాడు.

సాల్మన్ మడమ పట్టాడు.

పరమేశ్ ఒకసారి గుంజాడు. రెండోసారి. గీత వైపు పడి చేయి చాచాడు. మూడోసారి గుంజినప్పుడు సాల్మన్ పళ్లు కొరికాడు, వేళ్లు తెరుచుకుంటాయేమోనని తానే ఎదురుచూశాడు. తెరుచుకోలేదు. నాలుగోసారి పరమేశ్ ఒళ్లంతా విదిలించాడు. అయిదోసారికి అతని కూత తెగింది. చాచిన వేలికీ గీతకూ మధ్య బెత్తెడు మ్యాటు మిగిలింది.

పరమేశ్ అలాగే పడుకుని తల తిప్పి చూశాడు. "ఇడువు అన్నా, అయిపోయింది," అన్నాడు. "కాలు ఇంటికి తీస్కపోతవా?"

పన్నెండు పేర్లు చదివారు. పదకొండో పేరు సాల్మన్ రాజు. అరుణ కుర్చీలోంచి లేవలేదు. మోకాలు నిమురుకుంటూ అటువైపు చూస్తూ కూచుంది. ఆట చూడ్డానికి వచ్చిన ఎలిశిబా టిఫిను డబ్బా మూత తీసి, "నాలుగు గుడ్లు ఉన్నయి. గిప్పుడు ఎవ్వల కోసమని అడగ, తిను," అంది.

ఇక చివరగా ఒక్క మాట. ఆ పట్టు నిజం. గీతకు బెత్తెడు దూరం నిజం. పదకొండో పేరు కూడా నిజం. ఆ జుట్టు ముచ్చట మాత్రం కల్పితం. సాల్మన్‌కు భుజాల దాకా జుట్టు ఎన్నడూ లేదు, నెత్తి మీద ఉన్నదంతా కత్తిరించినా చారెడు కాదు. ఆ పొద్దున అతను రెండు ఇడ్లీలు, ఒక గుడ్డు తిని, నీళ్లు తాగి మరీ కాటా ఎక్కాడు. ఎనభై నాలుగు పాయింటు ఆరు. ఎక్కాడు, దిగాడు. సెలెక్టరు ఆవలించాడు. మెల్లగా దిగివచ్చినవాడి కాటా దగ్గర చూడడానికి ఏమీ ఉండదు. వినేవాళ్లు అంత దూరం వచ్చాక ఒట్టి చేతులతో పంపడం ఇష్టం లేక, ఆ కత్తెర పెట్టవలసి వచ్చింది.